ఉత్తుత్తి ఆట: బిడ్డ ఏ మెట్టు మీద ఉందో చూసి, అర మెట్టు పైకి అందించడం ఎలా

ఖాళీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని 'సుర్ర్‌'మని తాగినట్టు చేసి, మీ వైపు చూసి నవ్వే బిడ్డకు ఆ కప్పులో ఏమీ లేదని తెలుసు. తెలిసీ ఉన్నట్టు చేస్తోంది. ఎదురుగా ఉన్నదాన్ని పక్కన పెట్టి, లేనిదాన్ని మనసులో నిలుపుకోవడం అప్పటిదాకా ఆ బిడ్డకు రాని పని. అంతకుముందు కప్పు అంటే పట్టుకునేది, కొరికేది, నేలకేసి కొట్టేది.

ఈ మలుపును జాగ్రత్తగా రాసిపెట్టినవాడు స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాఁ పియాజే. తన కూతురు జాక్లీన్ 15 నెలల 12 రోజుల వయసులో, అంచులు తన దిండు గుడ్డలాగే ఉన్న ఒక బట్టను చూసి, దాన్ని పట్టుకుని, వేలు నోట్లో పెట్టుకుని, పక్కకు ఒరిగి పడుకుందని, కళ్లు తెరిచే ఉంచి, మూసుకున్నట్టుగా మధ్యమధ్య రెప్పలు ఆడించిందని, అలా చేస్తూ పకపకా నవ్విందని ఆయన రాశారు. ఆ నవ్వే అసలు గుర్తు. నిద్ర వచ్చిన బిడ్డ నవ్వదు. చూసి, తాకి, కదిలి లోకాన్ని తెలుసుకునే కాలాన్ని పియాజే ఇంద్రియ చాలక దశ అన్నారు; అది పుట్టినప్పటి నుంచి దాదాపు రెండేళ్ల వరకు. మాటలతో, ఊహలతో లేనిదాన్ని మనసులో నిలుపుకునే పూర్వ ప్రచాలక దశ రెండు నుంచి ఏడేళ్ల వరకు. ఉత్తుత్తి ఆట ఆ రెండింటి మధ్య వంతెన మీద మొదలై, రెండో దశలో విచ్చుకుంటుంది.

ఇక్కడ చెప్పేది ఈ ఒక్క రకం ఆట గురించే. బిడ్డ ఇప్పుడు ఎక్కడుందో కనిపెట్టడం, అక్కడి నుంచి కొంచెం పైకి ఊతం ఇవ్వడం. వయసు సుమారు ఏడాది నుంచి నాలుగేళ్లు.

మొదట ఏం సర్దాలి

ఒక బొమ్మ, ఒక కప్పు, ఒక గిన్నె, ఒక చెంచా, చేతి రుమాలంత బట్ట ముక్క, రెండు చెక్క దిమ్మెలు. ఇవి చాలు. ఎక్కువ పెడితే ఆట పెరగదు, చెదురుతుంది. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 18 నుంచి 30 నెలల పిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, మరోసారి పదహారు బొమ్మలతో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దాన్ని ఎక్కువ రకాలుగా వాడారు. కాబట్టి మిగతా ఆటవస్తువులన్నీ పెట్టెలో పెట్టి కంటికి కనబడకుండా చేయండి.

దిమ్మెలు ఎందుకంటే, వాటికి సొంత పని లేదు. రేపు అవి సబ్బు కావచ్చు, ఫోను కావచ్చు. మీట నొక్కగానే మాట్లాడే, పాడే బొమ్మలు ఈ ఆటకు పనికిరావు. బొమ్మే ఏడిస్తే బిడ్డ ఏడిపించాల్సిన పని ఉండదు.

బొమ్మ పరిమాణం కూడా చూడండి. బిడ్డ ఒడిలో పడుకోబెట్టుకోగలిగేంత ఉండాలి. ఈ వయసులో చాలామంది పిల్లలు అరచేతిలో పట్టేంత చిన్న కారులోకి కాలు దూర్చడానికి, బొమ్మ కుర్చీ మీద కూర్చోవడానికి నిజంగానే ప్రయత్నిస్తారు. అది నటన కాదు, పరిమాణం విషయంలో చేసే పొరపాటు. ఒకటిన్నర, రెండున్నర ఏళ్ల మధ్య మామూలే. నవ్వు లేకుండా, పట్టుదలగా చేస్తుంటే అదేనని పోల్చుకోవచ్చు. మూడేళ్లలోపు పిల్లల దగ్గర 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలోకి పూర్తిగా దూరిపోయే వస్తువు ఏదీ ఉంచకండి. అది గొంతుకు అడ్డం పడే సైజు.

కడుపు నిండి, నిద్ర తీరిన వేళ చూసుకోండి. టీవీ ఆపేయండి. ఎవరూ చూడని టీవీ కూడా మూల నుంచి మోగుతుంటే పిల్లలు ఆడే సమయం తగ్గుతుందని, ఆట మధ్యలో తెగిపోతుందని ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల మీద చేసిన పరిశీలనల్లో తేలింది. మీరు నేల మీద, బిడ్డకు ఎదురుగా కూర్చోండి. పక్కన కూర్చుంటే ముఖం కనబడదు. ఈ ఆటలో సగం సమాచారం ముఖంలోనే ఉంటుంది.

ఐదు నిమిషాలు నోరు మూసుకుని చూడటం

చాలామందికి ఇదే కష్టం. వస్తువులు ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా, ఏమీ చూపించకుండా ఐదు నిమిషాలు చూడండి. బిడ్డ మీ వైపు చూస్తే నవ్వండి, అంతే. చూస్తున్నంతసేపూ మూడు ప్రశ్నలు మనసులో ఉంచుకోండి. ఉత్తుత్తి పని ఎవరికి చేస్తోంది? దేనితో చేస్తోంది? ఎన్ని పనులు కలుపుతోంది?

మొదటిది, ఎవరికి. ఏడాది దాటిన కొత్తలో బిడ్డ అన్నీ తనకే చేసుకుంటుంది: తానే తాగుతుంది, తానే నిద్రపోతుంది. ఒకటిన్నర ఏళ్ల ప్రాంతంలో కప్పు బొమ్మ నోటికి వెళుతుంది, లేదా మీ నోటికి వస్తుంది. రెండేళ్లు దాటాక ఇంకో విచిత్రం. బొమ్మకు తినిపించడం కాదు, చెంచాను బొమ్మ చేతికే ఇచ్చి బొమ్మే తింటున్నట్టు ఆడిస్తుంది. 'బొమ్మకు ఆకలేసింది', 'బొమ్మ వద్దంటోంది' అంటుంది. అంటే బొమ్మకు ఒక మనసు ఉందని ఊహించుకుంది. పియాజే మాటల్లో, బిడ్డ తన కేంద్రం నుంచి బయటికి రావడమిది.

రెండోది, దేనితో. మొదట అసలు కప్పే కావాలి, లేదా అచ్చం కప్పులా ఉండేది. తర్వాత దిమ్మె కప్పు అవుతుంది. చివరికి ఏమీ లేకుండా ఖాళీ చేయి చాలు. ఇక్కడ పెద్దవాళ్లు తరచూ పొరబడతారు. బిడ్డ దిమ్మెను కప్పు అంటోంది కదా, చెంచాను దువ్వెన అనమంటే అంటుందిలే అనుకుంటారు. అది చాలా కష్టం. దిమ్మెకు సొంత అర్థం లేదు, చెంచాకు ఉంది. చెంచా పట్టుకోగానే చేయి నోటి వైపు వెళుతుంది. దాన్ని తల వైపు తిప్పాలంటే మొదటి అర్థాన్ని అణిచిపెట్టాలి. రెండున్నర ఏళ్ల పిల్లలు ఇక్కడ తడబడతారు, మూడున్నర వచ్చేసరికి చాలామందికి సులువవుతుంది.

ఖాళీ చేతి మెట్టు కూడా ఒక్కసారిగా రాదు. మూడు, నాలుగేళ్ల పిల్లలను 'పళ్లు తోముకున్నట్టు చేయి' అని అడగండి. ఎక్కువమంది చూపుడు వేలునే బ్రష్ చేసి పళ్ల మీద రుద్దుతారు. కంటికి కనబడని బ్రష్‌ను పిడికిట్లో పట్టుకుని, పిడికిలికీ పళ్లకూ మధ్య బ్రష్ పొడవంత జాగా వదిలి తోమడం ఆరేడేళ్ల తర్వాతి మాట. కాబట్టి మూడేళ్ల బిడ్డ వేలు వాడితే సరిదిద్దకండి. అది వెనకబడటం కాదు, ఆ వయసుకు తగిన మెట్టే.

మూడోది, ఎన్ని పనులు. ఒకే పని ఒకసారి. తర్వాత అదే పని పలువురికి (తాను తాగి, బొమ్మకు పట్టి, అమ్మకు పట్టి). తర్వాత వేర్వేరు పనులు వరసగా (పోయడం, కలపడం, తాగించడం, మూతి తుడవడం). ఈ వరస మాటలతో చేయి పట్టుకుని నడుస్తుంది. విడి పదాలు వచ్చే కాలంలో విడి పనులు, రెండు పదాలు కలిపే కాలంలో రెండు పనుల కలయిక కనిపిస్తాయి. రెండూ ఒకే సామర్థ్యం మీద ఆధారపడ్డాయని పరిశోధకుల ఆలోచన.

చూసింది నటనేనా, అలవాటుగా చేసిన పనా అని సందేహం వస్తుంది. మీ వైపు ఒక చూపు, ఒక చిరునవ్వు, కావాలని పెద్దగా చేసిన శబ్దం, పెదాలకు తగలకుండానే కప్పు ఆగిపోవడం: వీటిలో ఏదో ఒకటి ఉంటే నటన అని రాసుకోండి. ఏదీ లేకపోతే కప్పును కప్పులా వాడటమే అనుకోండి. అదీ మంచిదే, దీనికి ముందు మెట్టు.

అర మెట్టు అంటే ఏమిటి

రష్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ 'సామీప్య వికాస మండలం' అన్నది, బిడ్డ ఒంటరిగా చేయలేనిది, మరొకరి ఊతంతో చేయగలిగేది. ఈ మండలం సన్నగా ఉంటుంది. పైన చెప్పిన మూడు ప్రశ్నల్లో ఒక్కదానిలో మాత్రమే ఒక్క మార్పు చేస్తే అందులోనే ఉంటారు. రెండు మారిస్తే దాటిపోతారు. ఇదే ఇక్కడి కిటుకు.

22 నెలల పాపను తీసుకుందాం. ఐదు నిమిషాల్లో కనబడింది ఇది: కప్పుతో తాను తాగింది, బొమ్మ నోటికి కప్పు పెట్టింది, మళ్లీ తాను తాగింది. చెంచాతో గిన్నెను కొట్టింది. దిమ్మెలను తాకలేదు. బట్టను తల మీద వేసుకుని తీసేసింది. మాటలు విడివిడిగా ఇరవై, ముప్పై ఉన్నాయి.

అంటే 'ఎవరికి'లో బొమ్మ దాకా వచ్చింది. 'దేనితో'లో అసలు వస్తువుల దగ్గరే ఉంది. 'ఎన్ని'లో ఒకే పని ఇద్దరికి. ఇప్పుడు మీరు మార్చాల్సింది 'ఎన్ని' ఒక్కటే. కప్పు అలాగే, బొమ్మ అలాగే. బొమ్మకు కప్పు పట్టండి, వెంటనే బట్టతో దాని మూతి తుడవండి. 'తాగేసింది. మూతి తడి. తుడుద్దాం' అని పొట్టి మాటల్లో చెప్పండి. తర్వాత కప్పునూ బట్టనూ పాపకు అందేలా నేల మీద పెట్టి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. పది అంకెలు చాలా పొడవుగా అనిపిస్తాయి. ఆగలేక మళ్లీ చూపించేవాళ్లే ఎక్కువ.

పాప చేయగలిగినవి మూడు. బట్ట తీసుకుని బొమ్మ మూతి తుడిస్తే, మెట్టు అందినట్టే; ఇక ఈరోజుకు కొత్తది వద్దు, అదే ఆటను తనకిష్టమైనన్ని సార్లు తిప్పనివ్వండి. తుడవకుండా కప్పు ఒక్కటే పట్టి, మీ వైపు బట్టను చాపితే, పని అర్థమైంది, చేయి రాలేదు. మీరు మొదలుపెట్టి మధ్యలో బట్టను తన చేతికి ఇవ్వండి. లేచి వెళ్లిపోతే, లేదా కప్పును విసిరేస్తే, మెట్టు ఎత్తు ఎక్కువైంది, లేదా తన ఆటను మీరు లాక్కున్నారు. మళ్లీ వెనక్కి, తాను చేసినదే మీరూ చేయండి. ఖాళీ కప్పు తాగి 'ఆహా' అనండి.

నాలుగైదు రోజులు ఈ రెండు పనుల జత తనంతట తాను చేస్తుంటే, అప్పుడు 'దేనితో'లో కదలండి. కప్పును దాచకండి. దిమ్మెను మీ కప్పుగా వాడండి, అసలు కప్పు పాప దగ్గరే ఉండనివ్వండి. 'ఇది నా కప్పు.' పాప మీ దిమ్మెను వింతగా చూస్తుంది. కొన్నిసార్లు నిజం కప్పును మీ చేతిలో పెడుతుంది. ఒప్పుకుని తీసుకోండి. పట్టుబట్టి 'కాదు, ఇదే కప్పు' అనకండి. మరో వారంలో తానే దిమ్మెను నోటి దగ్గర పెట్టి మీ కళ్లలోకి చూస్తుంది.

రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలు మీరు కూర్చుంటే చాలు. మిగతా సమయమంతా తానొక్కతే ఆడుకోవాలి. మీరు అందించింది నిజంగా దిగిందా లేదా తెలిసేది అప్పుడే. మీరు లేనప్పుడు కూడా బొమ్మ మూతి తుడుస్తోందంటే అది తనదైంది.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది ప్రశ్న. 'ఇది ఏ రంగు?', 'ఎన్ని కప్పులున్నాయి?', 'బొమ్మ ముక్కు ఏదీ?' ఇవి అడగ్గానే బిడ్డ ఆటలోంచి పరీక్షలోకి వచ్చేస్తుంది. కప్పులో ఊహించుకున్న పాలు అక్కడితో ఆవిరి. అడగాలనిపిస్తే ఆటలో ఉండి అడగండి: 'వేడిగా ఉందా? ఊదనా?' దీనికి తప్పు జవాబు లేదు, ఆటా సాగుతుంది.

రెండోది సరిదిద్దడం. బిడ్డ గిన్నెను టోపీలా పెట్టుకుంటే 'ఛీ, గిన్నె అలా పెట్టుకోరు' అనేస్తాం. మీరు ఇప్పుడే చూసింది, సొంత అర్థం ఉన్న వస్తువుకు ఇంకో అర్థం ఇవ్వడం, అదీ ఎవరూ చూపించకుండా. అది పెద్ద మెట్టు.

మూడోది, కథ మొత్తం మీరే నడపడం. మీరు దుకాణదారు, మీరే కొనేవాళ్లు, బిడ్డ చేతిలో సంచి పట్టుకుని నిలబడింది. అలాంటప్పుడు ఆట చూడ్డానికి చక్కగా ఉంటుంది, కానీ మెట్లన్నీ మీరే ఎక్కారు. ఒక నిమిషంలో మీరు ఎన్ని మాటలన్నారు, బిడ్డ ఎన్ని పనులు చేసింది అని చూసుకోండి. మీ వాటా ఎక్కువైతే చేతులు కట్టుకుని కూర్చోండి.

మూడేళ్లు దాటాక ఆట మారుతుంది

ఇప్పటిదాకా వస్తువులతో నడిచిన ఆట ఇక పాత్రలతో నడుస్తుంది. డాక్టరు, రోగి, డ్రైవరు, టీచరు. ఇక్కడ వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఉపన్యాసంలోని ఒక మాట అక్కరకొస్తుంది. ఆటలో స్వేచ్ఛే ఉంటుందనుకుంటాం గానీ, ప్రతి పాత్ర వెనకా ఒక నియమం ఉంటుందన్నాడు. రోగి అయినవాడు పడుకోవాలి, ఎగరకూడదు. ఎగరాలని ఒళ్లంతా ఉవ్విళ్లూరుతున్నా పడుకుంటాడు, ఎందుకంటే తాను రోగి. బయటి నుంచి ఎవరూ ఆజ్ఞ వేయలేదు. మనసును తానే పట్టి ఉంచడం ఇక్కడ సాధన అవుతుంది. కదలకుండా నిలబడమని చెప్పినప్పటికంటే, కాపలా సైనికుడి పాత్ర ఇచ్చినప్పుడు బడికి ముందు వయసు పిల్లలు ఎక్కువసేపు నిలబడ్డారని 1940ల చివర్లో సోవియట్ పరిశోధకురాలు మనుయ్‌లెంకో చూపించింది.

అందుకని మూడున్నర, నాలుగేళ్ల పిల్లల దగ్గర మీ పని వస్తువులు చూపించడం కాదు, ఆటకు ముందు రెండు నిమిషాల మాట. 'ఎవరు డాక్టరు? ఎవరికి జ్వరం? మొదట ఏం చేస్తారు?' ఇంతే అడగండి. జవాబులు వాళ్లవే. ఇద్దరు, ముగ్గురు పిల్లలు చాలు, ఐదుగురైతే పాత్రల కోసం పోట్లాటతోనే ఆట అయిపోతుంది. సమయం మాత్రం ధారాళంగా, కనీసం అరగంట ఇవ్వండి. పాత్రలు పంచుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకే 'ఇక సర్దండి' అంటే ప్రతిసారీ పంపకమే మిగులుతుంది, ఆట మొదలే కాదు.

ఆట గుండ్రంగా తిరుగుతూ, అదే సూది పదోసారి గుచ్చుతుంటే, చిన్న పాత్రలో లోపలికి వెళ్లండి: 'డాక్టరుగారూ, మా బొమ్మ కాలు విరిగింది.' ఒక కొత్త సమస్య పడేసి బయటికి వచ్చేయండి. పెద్ద పిల్లల మధ్య రెండేళ్లవాడు ఉంటే వాడు ఆటలో అరటిపండే. వాడికి నియమం పట్టదు. పాత్ర ఇవ్వమని పెద్దవాళ్లను బలవంతపెట్టకండి. 'పాపాయి' పాత్రో 'కుక్కపిల్ల' పాత్రో అయితే వాడు ఏం చేసినా ఆటలో సరిపోతుంది.

దీని హద్దులు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వేళ

ఉత్తుత్తి ఆట ఎక్కువ ఆడే పిల్లలకు భాష, ఇతరుల మనసును అర్థం చేసుకునే శక్తి బాగుంటాయని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అయితే ఆటే వాటికి కారణమా, లేక అన్నీ కలిసే పెరుగుతాయా అన్నది తేలలేదు. 2013లో ఏంజెలిన్ లిలార్డ్, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, కారణం ఇదేనని చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. కనుక తెలివి పెరుగుతుందని ఈ ఆటను మందులా డోసులు కట్టి పట్టించకండి. బిడ్డ ఎక్కడుందో చూపించే అద్దంగా మాత్రం దీన్ని నమ్మవచ్చు.

అద్దంలో ఏం కనబడితే ఆగకూడదంటే: రెండున్నర ఏళ్లు వచ్చినా, మీరు చూపించాక కూడా, ఉత్తుత్తి పని ఒక్కటీ లేకపోవడం. దానితో పాటు, ఒకటిన్నర ఏళ్లు దాటినా ఆసక్తి కలిగించిన వస్తువును వేలితో చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కారును నడపకుండా చక్రాన్ని మాత్రమే గంటలకొద్దీ తిప్పడం, అంతకుముందు వచ్చిన మాటలో పనులో పోవడం. వచ్చింది పోవడం ఏ వయసులో కనిపించినా అదొక్కటే చాలు, వెంటనే పిల్లల డాక్టరును కలవండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్ల వరకు పుట్టాల్సిన తేదీ నుంచి వయసు లెక్కించండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి.

వెళ్లేటప్పుడు 'సరిగా ఆడటం లేదు' అని చెప్పడం కంటే, ఇంట్లో నేల మీద కూర్చుని ఐదు నిమిషాల్లో చూసింది రాసి తీసుకెళ్లండి. ఎవరికి, దేనితో, ఎన్ని పనులు. వీలైతే రెండు నిమిషాల వీడియో. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు చాలామంది పిల్లలు అసలు ఆడరు. ఇంట్లో ఆడింది డాక్టరుకు మరో దారిలో తెలియదు.